పబ్లిక్ హియరింగ్ సారాంశాన్ని ఊరికి అర్థమయ్యేలా తిరగరాస్తున్నాం, నీళ్ల పేరా దగ్గర సాయం కావాలి

వంశధార గట్టు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా, కాశీనగర్ వైపు. పంచాయతీలో వార్డు మెంబరుని. మా ఊరి పక్క కొండ మీద రాతి క్వారీ, దాని కింద క్రషర్ పెడతామని ఒక కంపెనీ దరఖాస్తు చేసింది, వచ్చే నెల పబ్లిక్ హియరింగ్ ఉందని నోటీసు వచ్చింది. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం ఒడియాలో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి పంచాయతీ ఆఫీసులో పెట్టారు. మా దగ్గర సగానికి పైగా ఇళ్లలో తెలుగే మాట్లాడతాం, పిల్లలు ఒడియా చదువుతారు గానీ పెద్దవాళ్లకి రాదు, కొండ వైపు సవర వాళ్లకి ఏదీ రాదు. అందుకని ఆ పది పేజీల్ని రెండు పేజీల తెలుగులో రాసి ఇంటింటికీ ఇద్దామనుకున్నాం. చదివినవాళ్లకి రెండు విషయాలు తెలిస్తే చాలు: మనకేం జరుగుతుంది, అభ్యంతరం ఉంటే ఎలా చెప్పాలి.

దుమ్ము, పేలుళ్ల గురించి ఏదోలా రాశాను. నీళ్ల పేరా దగ్గర మాత్రం అనుమానంగా ఉంది. సారాంశంలో ఉన్నది దాదాపు ఇదీ: "ప్రతిపాదిత గని కొండ ప్రాంతంలో ఉన్నందున, భూగర్భ జలమట్టం భూ ఉపరితలం నుంచి 9 మీటర్ల లోతున ఉన్నందున, తవ్వకం వల్ల జల వనరులపై గణనీయమైన ప్రభావం ఉండదని అంచనా." నేను రాసింది: "క్వారీ కొండ మీద ఉంది, నీళ్లు 9 మీటర్ల లోతున ఉన్నాయి, కాబట్టి మన బావులకి పెద్దగా ఇబ్బంది ఉండదని కంపెనీ చెబుతోంది." ఇలా సరిపోతుందా?

మెట్టూరోడు:
మేడమ్ ముందు ఒక మాట. ఒడియా, ఇంగ్లిష్ కాకుండా వేరే భాషలో మీరు పంచితే కేసు పెడతారు జాగ్రత్త. ఇంకోటి, అసలు ఈ పేపర్లన్నీ ఎందుకు, ఊరంతా కలిసి హియరింగ్‌కి వెళ్లకుండా ఉంటే చాలు, జనం రాకపోతే చెల్లదు. లేదంటే అందరూ వెళ్లి "వద్దు" అని చేతులెత్తండి, ఆగిపోతుంది. నియమగిరి కొండల్లో బాక్సైట్ గని అలాగే ఆగింది కదా, మన పక్కనే.

పాత సర్వేయర్:
మెట్టూరు బాబూ, ఇందులో మూడు సంగతులు కలిపేశావు. పంచాయతీలో పెట్టిన కాగితం అందరూ చూడాలనే పెట్టారు. దాన్ని అర్థం చేసుకుని తెలుగులో వివరించి పంచితే కేసేం కాదు. కాకపోతే పైన పెద్ద అక్షరాలతో "ఇది అధికారిక పత్రం కాదు, పంచాయతీ ఆఫీసులో ఉన్న సారాంశానికి వివరణ" అని రాసి, ప్రతి విషయం పక్కన అసలు పత్రంలోని పేజీ నంబరు వెయ్యాలి. అప్పుడు ఎవరైనా "ఇది మీ సొంత కవిత్వం" అంటే పేజీ తీసి చూపించొచ్చు.

రెండోది, కోరం లేదు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో హియరింగ్‌కి ఇంతమంది రావాలన్న నియమమే లేదని స్పష్టంగా రాసి ఉంది. పదిమంది వచ్చినా జరుగుతుంది, జరిగినట్టే రాసుకుంటారు. మీరు ఇంట్లో కూర్చుంటే మీ అభ్యంతరం రికార్డులో ఉండదు, అంతే.

మూడోది నియమగిరి. అక్కడ 2013 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు చెప్పింది అటవీ హక్కుల చట్టం కింద గ్రామ సభలు నిర్ణయించాలని. ఆ తర్వాత రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లి సభలు జరిగి అన్నీ వద్దన్నాయి. అది గ్రామ సభ తీర్మానం. ఇది కాలుష్య నియంత్రణ మండలి పెట్టే పర్యావరణ హియరింగ్. ఇందులో ఓటు లేదు, లెక్కపెట్టడం లేదు. ఇక్కడ జరిగేది ఏంటంటే మీరు అడిగింది రాస్తారు, కంపెనీ దానికి జవాబు రాయాలి, ఆ రెండూ అనుమతి మీద సిఫారసు చేసే నిపుణుల కమిటీ ముందుకి వెళ్తాయి. కాబట్టి ఎంతమంది అరిచారన్న దానికంటే ఏం అడిగారన్నదే పైకి వెళ్తుంది.

ఇక గట్టుమీది అమ్మా, నీ పేరా సంగతి. భాష తేలికైంది, కానీ కంపెనీ తేల్చిన మాట అలాగే ఉంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవాడికి తెలీదు. సారాంశంలో ఇంకో చోట కొండ ఎత్తు, తవ్వకం లోతు ఉండాలి. ప్రాజెక్టు వివరణలో చూడు, రెండో పేజీలోనో మూడో పేజీలోనో. ఆ అంకెలు ఇక్కడ పెట్టు, తర్వాత మాట్లాడదాం.

టిప్పర్ బాబు:
నాకు ఒకటి అర్థం కాదు, క్వారీ అనగానే అందరూ చెడ్డదే అనుకుంటారు. నేను గుణుపురం దగ్గర క్రషర్‌లో పదేళ్లుగా టిప్పర్ తోలుతున్నాను, మా ఇంట్లో ఇద్దరి కడుపు దానిమీదే. మీ రెండు పేజీల్లో ఉద్యోగాల గురించి రాస్తారా లేక ఒక్క నష్టమే రాస్తారా?

వంశధార గట్టు:
రాస్తాం అన్నా. సారాంశంలో ఎంతమందికి పని అని ఉందో అదే రాస్తాం. కానీ అందులో 34 మంది అని ఉంది, ఎంతమంది మన ఊళ్ల వాళ్లో, ఎంతమంది బయటి నుంచి వచ్చే డ్రిల్లర్లూ ఆపరేటర్లో చెప్పలేదు. ఆ ప్రశ్న కూడా పక్కనే రాద్దామా?

సర్వేయర్ గారూ, దొరికింది. రెండో పేజీ: "కొండ ఎత్తు పాదం నుంచి 44 మీటర్లు, తవ్వకం గరిష్ఠ లోతు 62 మీటర్లు." నాలుగో పేజీ: "జలమట్టం వేసవిలో 9 మీ., వర్షాల తర్వాత 3 మీ." ఆరో పేజీలో నేను పైన రాసిన వాక్యం.

పాత సర్వేయర్:
అదీ. మూడు అంకెలు మూడు పేజీల్లో ఉన్నాయి, ఎవరూ కలిపి చదవరు. కొండ 44 మీటర్లే, తవ్వేది 62 మీటర్లు. అంటే కొండ మొత్తం పోయాక నేల మట్టం నుంచి ఇంకా 18 మీటర్లు కిందికి గుంత దిగుతుంది. నీళ్లేమో వేసవిలో 9 మీటర్ల దగ్గర ఉన్నాయి, వానల తర్వాత 3 మీటర్ల దగ్గరే. "కొండ ప్రాంతంలో ఉన్నందున" అన్న మాట మొదటి కొన్నేళ్లకి నిజమే, కొండ తవ్వుతున్నంత కాలం. ఆఖరి ఏళ్లకి కాదు.

అయితే తొందరపడి "నీళ్లలోకి దిగుతుంది" అని రాసెయ్యకు. కొండ పాదం దగ్గర నేల, మీ ఊరి నూతి దగ్గర నేల ఒకే ఎత్తులో ఉండవు కదా. లోతులు ఒక్కోటి ఒక్కో చోటి నుంచి కొలిచినవి. వాటిని సముద్ర మట్టం నుంచి ఎత్తులోకి మార్చి పోల్చాలి. పూర్తి నివేదికలో గని ప్లాను దగ్గర ఆ ఎత్తులే ఆర్‌ఎల్ అని రాసి ఉంటాయి, నూతుల పట్టికలో కూడా ఎత్తు ఉండొచ్చు. పూర్తి నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, మీ పంచాయతీలో చూడనివ్వాలి. ఫోటోలు తీసుకో.

సిరొంచ పంతులు:
మాది గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర. మాకైతే మరాఠీలో ఇస్తారు, ఇక్కడా సగం మంది తెలుగోళ్లమే, అదే కథ. నాకో సందేహం, మా పొలం రోడ్డు వెడల్పులో పోతోంది, సర్వే కూడా అయింది. ఇలాంటి హియరింగ్‌లో నష్టపరిహారం ఎకరానికి ఎంత అని అడగొచ్చా? అడిగితే వాళ్లు అక్కడే తేల్చాలా?

పాత సర్వేయర్:
పంతులు గారూ, మీది భూసేకరణ, దారి వేరు. 2013 చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం జిల్లా కలెక్టరుకి ఇవ్వాలి, రేటు గొడవ కూడా ఆ దారిలోనే నడుస్తుంది. నోటిఫికేషన్ తేదీ ముందు చూసుకోండి. పర్యావరణ హియరింగ్‌లో భూమి ధర ఎత్తితే రాసుకుంటారు గానీ అక్కడ ఎవరూ తేల్చరు.

వంశధార గట్టు:
పంచాయతీ సెక్రటరీ మొదట ఇవ్వనన్నాడు, నోటీసులో రాసి ఉంది చూడమంటే బీరువా తీశాడు. ఫోటోలు తెచ్చాను. కొండ పైభాగం ఆర్‌ఎల్ 142, కొండ పాదం 98, గని అడుగు 80. నూతుల పట్టికలో మా ఊరి పెద్ద నుయ్యి ఉంది, నేల ఎత్తు 96, మార్చి నుంచి మే మధ్య కొలిచినప్పుడు నీళ్లు 9 మీటర్ల లోతు. లీజు అంచు నుంచి నుయ్యి 600 మీటర్లు అని రాశారు.

పాత సర్వేయర్:
శభాష్. ఇప్పుడు లెక్క తేలికే. నేల 96, అందులో 9 తీసేస్తే నీళ్లు 87 దగ్గర. గని అడుగు 80. అంటే వేసవిలోనే, నీళ్లు బాగా దిగిపోయిన కాలంలోనే, గుంత అడుగు మీ నూతి నీళ్ల కంటే 7 మీటర్లు కింద. వానల తర్వాత నీళ్లు 3 మీటర్ల దగ్గరుంటే 93, అప్పుడు తేడా 13 మీటర్లు. ఆరో పేజీలో "గణనీయమైన ప్రభావం ఉండదు" అన్నది ఈ అంకెలతో పొసగదు. కనీసం ఎందుకు ఉండదో వాళ్లు చెప్పాలి.

ఇప్పుడు రెండో సగం. మన వైపు గట్టి రాయి. గట్టి రాయిలో నీళ్లు చెరువులో లాగా ఒకే మట్టంలో పరుచుకుని ఉండవు, పగుళ్లలో ఉంటాయి. గని ఒక పగులుని కోస్తే, అదే పగులు మీ నూతికి నీళ్లిచ్చేదైతే, నుయ్యి దిగిపోతుంది. ఆ పగులు అటువైపు పోకపోతే 600 మీటర్లలో ఉన్నా ఏమీ కాకపోవచ్చు. నేను ఫీల్డులో రెండూ చూశాను. కాబట్టి "బావులు ఎండిపోతాయి" అని రాస్తే మీరు కూడా నిరూపణ లేని మాట రాసినట్టే, వాళ్లు హియరింగ్‌లో దాన్నే పట్టుకుంటారు.

గని పని నీళ్లని తాకేటట్టుంటే దానికి వేరేగా భూగర్భ జల అధ్యయనం చేయించాలి, గుంతలోకి ఊరే నీళ్లు తోడాలంటే కేంద్ర భూగర్భ జల సంస్థ అనుమతి కావాలి. పూర్తి నివేదికలో ఆ అధ్యయనం ఉందేమో చూడు. లేకపోతే అదే మీ అసలు ప్రశ్న.

మెట్టూరోడు:
అయితే నేను చెప్పింది తప్పేం కాదు కదా, వాళ్లు దాచారు.

పాత సర్వేయర్:
దాచారని నేననను బాబూ. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు రాస్తారు, గని ప్లాను రాసినవాడు వేరు, నీళ్ల నమూనాలు తీసినవాడు వేరు, ఆఖర్న ఆఫీసులో ఒక కుర్రాడు పది పేజీలకి కుదిస్తాడు. సారాంశం పది ఏ-4 పేజీలు దాటకూడదని నియమం ఉంది, కుదించేటప్పుడు ముందు ఎగిరిపోయేవి ఇలాంటి అంకెలే. పాత నివేదికలోని వాక్యం కొత్తదాంట్లో అతికించడం కూడా చాలా చూశాను, "కొండ ప్రాంతంలో ఉన్నందున" అన్నది అలాంటి అతుకులాగే ఉంది. కారణం ఏదైనా కానీ, మీ ఊరికి అంకె కావాలి.

టిప్పర్ బాబు:
నాకు నీళ్ల సంగతి తెలీదు గానీ బండ్ల సంగతి తెలుసు. సారాంశంలో ఎన్ని టిప్పర్లని రాశారు?

వంశధార గట్టు:
"రోజుకు 25 టిప్పర్లు, రహదారిపై భారం స్వల్పం" అని ఉంది. ఏడాదికి లక్షా 50 వేల టన్నులు, 300 పని దినాలు.

టిప్పర్ బాబు:
అదిగో. రోజుకి 500 టన్నులు, బండికి 20 టన్నులు వేసుకుంటే 25 లోడ్లు, సరే. కానీ లోడుతో వెళ్లిన బండి ఖాళీగా తిరిగి రావాలి కదా, అదే రోడ్డు మీద. అంటే 50 సార్లు. పొద్దున్న 8 నుంచి సాయంత్రం 6 వరకు పనిచేస్తే దాదాపు 12 నిమిషాలకొక బండి. ఖాళీ బండే ఎక్కువ దుమ్ము లేపుతుంది, వేగంగా పోతాం కాబట్టి, ఉన్నమాట చెబుతున్నా. "25 టిప్పర్లు" అని చదివితే ఎవరికీ ఏమీ అనిపించదు, "బడి ముందు నుంచి 12 నిమిషాలకొకటి" అని రాయండి. నేను క్వారీకి వ్యతిరేకం కాదు, బడి టైములో గంట సేపు బండ్లు ఆపమని అడగండి, అది జరిగే పని. మా దగ్గర ఆపుతారు.

పాత సర్వేయర్:
ఇది బాగుంది, రాసుకో అమ్మా. రూటు ఏదో మాత్రం నివేదికలోని మ్యాపులో చూసుకుని రాయి, బడి ముందు నుంచి కాక బైపాస్ చూపించి ఉంటే మళ్లీ ఇబ్బంది.

వంశధార గట్టు:
మ్యాపులో బడి రోడ్డే ఉంది. రాసేశాను.

పూర్తి నివేదిక అంతా వెతికాను, గుంతలో నీళ్లు ఊరితే ఏం చేస్తారన్న దాని మీద అధ్యయనం కనపడలేదు. అనుబంధాల్లో రెండు కాగితాలు మసకగా ఉన్నాయి, అవేంటో తెలీదు. "దుమ్ము అణచడానికి, తాగడానికి, మొక్కలకి రోజుకు 12 కేఎల్‌డీ నీరు సమీప వనరుల నుంచి" అని మాత్రం ఉంది. 12 కేఎల్‌డీ అంటే 12 వేల లీటర్లు రోజుకి అన్నమాట. సమీప వనరు అంటే మా బోరేనా?

నీళ్ల పేరా మళ్లీ రాశాను, చూడండి:

"కొండ ఎత్తు 44 మీటర్లు. కంపెనీ 62 మీటర్లు తవ్వుతుంది (సారాంశం పేజీ 2). అంటే కొండ అయిపోయాక నేలలోకి ఇంకా 18 మీటర్లు. మన పెద్ద నూతిలో వేసవిలో నీళ్లు 9 మీటర్ల కింద ఉంటాయి (పేజీ 4). సముద్ర మట్టంతో పోలిస్తే గుంత అడుగు ఆ నీళ్ల కంటే 7 మీటర్లు కిందికి వస్తుంది (పూర్తి నివేదిక, గని ప్లాను, నూతుల పట్టిక). గుంతలోకి నీళ్లు ఊరితే తోడాల్సి వస్తుంది, తోడితే దగ్గర నూతుల్లో నీళ్లు దిగొచ్చు, దిగకపోవచ్చు, రాతి పగుళ్లని బట్టి ఉంటుంది. నీళ్లపై పెద్ద ప్రభావం ఉండదని కంపెనీ అంటోంది (పేజీ 6). ఎందుకు ఉండదో చూపే అధ్యయనం మాకు నివేదికలో కనపడలేదు. ఇది కాక దుమ్ము అణచడానికి, ఇతర వాడకానికి రోజుకు 12 వేల లీటర్లు కావాలి, ఎక్కడి నుంచి తెస్తారో రాయలేదు."

పాత సర్వేయర్:
దాదాపు సరిపోయింది. రెండు చిన్న మార్పులు. "కొండ అయిపోయాక" దగ్గర సుమారుగా ఎన్నో ఏడాది అని గని ప్లానులో ఉంటుంది, అది వెయ్యి. లేకపోతే రేపే నుయ్యి దిగిపోతుందని భయపడతారు, లేదా ఎప్పుడో కదా అని వదిలేస్తారు. రెండోది, మసకగా ఉన్న అనుబంధాలు చదవలేకపోయామని కూడా కింద రాయి, రేపు కంపెనీవాళ్లు అనుబంధం 9లో ఉంది చూడండి అంటే మీ మాట పోకూడదు. చదవగలిగే ప్రతి ఇవ్వమని కాలుష్య నియంత్రణ బోర్డుకి ఇవాళే ఉత్తరం పెట్టు.

ఉషోదయం:
నేను బరంపురంలో ఉంటాను, మా అమ్మగారిది ఆ పక్క ఊరే. ఇంత లెక్క ఊళ్లో ఎవరు చదువుతారు? నా ఉద్దేశంలో ఒక బొమ్మ వేస్తే చాలు, ఒక పక్క కొండ, దాని కింద గుంత, ఇంకో పక్క నుయ్యి, నీళ్ల గీత. అంకెలు నాలుగే. సవర వాళ్లకి కూడా చూపించొచ్చు. ఇంకోటి, మా అమ్మ భయమంతా వేరు. హియరింగ్ దగ్గర సంతకం పెట్టించుకుంటారట, అది పెడితే ఒప్పుకున్నట్టే అని ఊరంతా అంటున్నారట.

పాత సర్వేయర్:
బొమ్మ మంచి ఆలోచన, కానీ నీళ్ల గీత నూతి నుంచి గుంత దాకా తిన్నగా గీయకండి, తిన్నగా ఉంటుందని ఎవరికీ తెలీదు. నూతిలో మట్టం చూపించి మధ్యలో ప్రశ్నార్థకం పెట్టండి.

సంతకం గురించి: హాజరు పట్టీ మీద సంతకం వచ్చామన్నదానికే, ఒప్పుకున్నట్టు కాదు. కానీ పైన ఏ శీర్షికా లేని తెల్ల కాగితం మీద ఎవరూ పెట్టొద్దు. శీర్షిక ఏ భాషలో ఉన్నా చదివించుకుని పెట్టండి. ఇది మీ రెండో పేజీలో తప్పకుండా ఉండాలి, సంతకం భయంతోనే చాలామంది రారు.

వంశధార గట్టు:
రెండో పేజీ మొత్తం అదే సార్, "మనం ఏం చెయ్యొచ్చు" అని. సారాంశంలోనూ నోటీసులోనూ "ప్రజలు తమ అభిప్రాయాలు, సూచనలు తెలియజేయవచ్చు" అని ఒక్క లైను ఉంది. నేను రాసింది ఇదీ, తప్పులుంటే చెప్పండి:

"హియరింగ్‌కి ఎవరైనా రావొచ్చు. ఆ రోజు కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు హోదాకి తగ్గని అధికారి గానీ కూర్చుంటారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వాలి, అంతా వీడియో తీస్తారు. తెలుగులోనో సవరలోనో మాట్లాడతామని ముందే చెబుదాం. రాలేనివాళ్లు, మైకులో మాట్లాడటానికి బెరుకున్నవాళ్లు కాగితం మీద రాసి నోటీసులో ఉన్న కాలుష్య నియంత్రణ మండలి చిరునామాకి పంపొచ్చు, నోటీసు వచ్చిన రోజు నుంచి కనీసం 30 రోజులు గడువుంటుంది. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. చేత్తో ఇస్తే రెండో ప్రతి మీద స్టాంపు వేయించుకోండి."

పాత సర్వేయర్:
బాగుంది, కానీ అసలుది మర్చిపోకు. హియరింగ్ అయిపోగానే జనం లేచి వెళ్లిపోతారు. ఆఖర్లో ఆ రోజు జరిగినదాని సారాంశం స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలి, ఆ తర్వాతే కలెక్టరు సంతకం. మీ ప్రశ్న అందులో లేకపోతే ఆ నిమిషంలోనే లేచి "నేను నూతి గురించి అడిగాను, రాయలేదు" అని చెప్పాలి. ఇంటికి వెళ్లాక చెబితే వినేవాడు ఉండడు. కనీసం నలుగురైదుగురు అందాకా కూర్చోవాలి, వాళ్లెవరో ముందే అనుకోండి.

తర్వాత ఆ మినిట్స్ పంచాయతీ ఆఫీసులో అంటించాలి. అందులో ఒక పట్టిక ఉంటుంది, ఒక వైపు మీరు ఎత్తిన విషయం, ఇంకో వైపు కంపెనీ జవాబు. "గ్రామస్తులు వ్యతిరేకించారు" అని ఉంటే జవాబు "స్థానికులకు ఉపాధి కల్పిస్తాం" అని వస్తుంది, ప్రశ్నకీ జవాబుకీ సంబంధం ఉండదు. "పేజీ 2లో 62 మీటర్లు, నూతిలో నీళ్లు ఆర్‌ఎల్ 87, గని అడుగు 80, దీనికి అధ్యయనం ఏది" అని ఉంటే వాళ్లు దానికే ఏదో ఒకటి రాయాలి. ఆ జవాబుల్ని కలుపుకునే తుది నివేదిక తయారు చెయ్యాలి.

మెట్టూరోడు:
అన్నీ రాసినా అనుమతి ఇచ్చేస్తే? అప్పుడేంటి?

పాత సర్వేయర్:
అప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్. అనుమతి వచ్చిన 30 రోజుల్లో అప్పీలు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా. మనకి కోల్‌కతా బెంచి. అక్కడ కూడా మొదట చూసేది మినిట్స్‌లో మీ ప్రశ్న ఉందా లేదా అని. గెలుస్తారని నేను చెప్పలేను, వకీలు ఖర్చు కూడా ఉంది.

ఉషోదయం:
నాకొకటి తేలలేదు. ఒడిశాలో "స్థానిక భాష" అంటే ఒడియాయే అంటారు అధికారులు. ఆఖర్న చదివి వినిపించేది ఒడియాలో చదివితే మా అమ్మకి ఏం అర్థమవుతుంది? తెలుగులో చదవమని పట్టుబట్టే హక్కు ఉందా?

పాత సర్వేయర్:
రాష్ట్ర అధికార భాషలో చదివితే వాళ్లు తమ పని అయిందంటారు, అంతవరకు వాళ్ల మాట నిలుస్తుందేమో. నేను చూసిన చోట్ల ముందుగా కలెక్టరుకి లిఖితపూర్వకంగా దుబాసీని అడిగితే పెట్టారు, అడగని చోట పెట్టలేదు. సవరకి కూడా అడగండి.

సిరొంచ పంతులు:
మా దగ్గర అడిగినా పెట్టలేదు. బడి మాస్టారు ఒకాయన లేచి తెలుగులో చెబుతూ పోయారు, అధికారులు ఊరుకున్నారు. అదీ ఒక పద్ధతే.

టిప్పర్ బాబు:
చెల్లీ, ఉద్యోగాల ప్రశ్న కూడా నీళ్ల ప్రశ్నంత పెద్దగానే పెట్టు. 34 మందిలో లోకల్ ఎంతమందో మైకులో నేనే అడుగుతాను. నేను అడిగితే క్వారీకి వ్యతిరేకమని ఎవరూ అనలేరు.

మెట్టూరోడు:
ఉద్యోగాలు పేపర్లో పెడితే సగం ఊరు అటు తిరిగిపోతుంది. నష్టం ఒక్కటే రాయండి మేడమ్, లాభం వాళ్లు ఎలాగూ చెప్పుకుంటారు.

వంశధార గట్టు:
దీని మీద మా వార్డులోనే రెండు రోజులుగా గొడవ జరుగుతోంది. ప్రస్తుతానికి ఉద్యోగాలు ఉంచుతున్నాను, ప్రశ్నతో సహా. సర్పంచ్ తీసెయ్యమంటే ఏం చెయ్యాలో చూడాలి.

గని ప్లానులో వెతికితే కొండ మట్టం దాటి కిందికి దిగేది పదకొండో ఏడాది నుంచి అని ఉంది, అది వేసేశాను. బోర్డుకి అనుబంధాల ఉత్తరం, కలెక్టరుకి దుబాసీ ఉత్తరం ఇవాళ స్పీడ్ పోస్టులో పంపాను. నోటీసు పేపర్లో వేశారు గానీ కొండ మీది రెండు పల్లెలకి పేపరు రాదు, అలాంటి చోట దండోరా వెయ్యాలని నోటిఫికేషన్‌లోనే ఉందట, అది కూడా ఉత్తరంలో రాశాను. వాళ్లు వేయించకపోతే బుధవారం సంతలో మేమే వేయిస్తాం. ఉషోదయం గారూ, ఆ బొమ్మ మీరు గీసి పంపగలరా, ఏ-4లో సగానికి పట్టాలి, జిరాక్స్ తీస్తే గీతలు మాయం కాకుండా ఉండాలి.

ఉషోదయం:
రేపు రాత్రికి పంపుతాను. నూతి దగ్గర 87, గుంత అడుగున 80, పైన 142, మధ్యలో ప్రశ్నార్థకం. ఇంకేమైనా వెయ్యాలా?

పాత సర్వేయర్:
లీజు అంచు నుంచి నూతికి 600 మీటర్లు అని వెయ్యి. ఇంతకీ అది నిజంగా 600 మీటర్లేనా అమ్మా? టేపు అక్కర్లేదు, ఫోనులో మ్యాపు మీద నుయ్యికి ఒక చుక్క, లీజు మూల స్తంభానికి ఒక చుక్క పెట్టి చూడు. స్తంభాల అక్షాంశ రేఖాంశాలు నివేదికలోనే ఉంటాయి.

వంశధార గట్టు:
చూశాను సార్. దగ్గరి స్తంభం నుంచి 410 చూపిస్తోంది. వాళ్లు లీజు మధ్యలోంచి కొలిచినట్టున్నారు.

పాత సర్వేయర్:
రెండు అంకెలూ వెయ్యి, ఏది ఎక్కడి నుంచో పక్కనే రాసి. హియరింగ్‌లో మొదటి ప్రశ్న అదే అడుగు.